ఉదయం హాజరు మెసేజ్‌లు, ఫోన్ నంబర్ మార్పు: ప్రిన్సిపాల్ ఉత్తరంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లిదండ్రులకు నమస్కారం. బడి తెరిచిన వారంలో పిల్లల డైరీలో ఒక ఉత్తరం పెట్టి పంపాను. పిల్లవాడు ఉదయం తరగతిలో లేకపోతే మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుందని, మా దగ్గరున్న నంబర్ సరైనదో కాదో చూసుకోమని అందులో రాశాను. ఉత్తరం ఒక పేజీయే. దాని మీద ఆఫీసుకు వచ్చిన ఫోన్లు మాత్రం వారం రోజులు ఆగలేదు. ఎక్కువమంది అడిగినవాటికి, అడగకపోయినా తెలిసి ఉండాల్సినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మాది కోనసీమలో ఒక ప్రైవేటు హైస్కూల్. ఇక్కడి టైములు, పద్ధతులు మా బడివి. వేరే బడిలో వేరుగా ఉండొచ్చు.

మెసేజ్ ఎప్పుడు వస్తుంది? ఏమని వస్తుంది?

బడి ఉన్న రోజు ఉదయం సుమారు 9.45కు వస్తుంది. రాని పిల్లల తల్లిదండ్రులకు మాత్రమే పంపుతాం. మెసేజ్ ఇలా ఉంటుంది:

"మీ విద్యార్థి (పేరు), 7-బి, ఈరోజు (తేదీ) ఉదయం 9.20 హాజరులో లేరు. సెలవు చెప్పి ఉండకపోతే వెంటనే పాఠశాలకు ఫోన్ చేయండి."

చివర బడి పేరు ఉంటుంది. అంతకు మించి ఏమీ ఉండదు. లింకు ఉండదు, డబ్బు మాట ఉండదు, ఓటీపీ అడగం.

బడి 9 గంటలకు కదా, 9.45 దాకా ఎందుకు ఆగుతారు?

ఈ 45 నిమిషాల్లో ఏం జరుగుతుందో చెబితే మెసేజ్‌ను ఎంతవరకు నమ్మాలో కూడా మీకు అర్థమవుతుంది.

9 గంటలకు ప్రార్థన. 9.15కు పిల్లలు తరగతుల్లోకి వెళ్తారు. 9.20కి క్లాస్ టీచర్ పేర్లు పిలిచి రిజిస్టర్‌లో వేస్తారు. రాని పిల్లల రోల్ నంబర్లు ఒక చీటీ మీద రాసి, తరగతి లీడర్ చేత ఆఫీసుకు పంపుతారు. అదే సమయంలో గేటు దగ్గర వాచ్‌మన్ ఆలస్యంగా వచ్చిన పిల్లల పేర్లు వేరే పుస్తకంలో రాస్తుంటాడు. మా బడికి లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలు ఉన్నారు. పంటు ఒక్కసారి అవతలి రేవులో ఆగిపోతే పదిహేను మంది కలిసి 9.30కి దిగుతారు. వాళ్లందరి ఇళ్లకూ 9.25కే "మీ పిల్లవాడు రాలేదు" అని మెసేజ్ వెళ్తే ఆ ఇళ్లలో ఎంత టెన్షనో ఊహించండి. మొదటి ఏడాది మేం ఆ పొరపాటే చేశాం.

అందుకే ఇప్పుడు 9.35 దాకా ఆగి, ఆఫీసులో మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు: తరగతి చీటీ, గేటు పుస్తకం, ముందే అందిన సెలవు చీటీలు. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు, సెలవు చెప్పినవాళ్ల పేర్లు కొట్టేస్తారు. మిగిలినవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. ఇంకా ముందు పంపితే తప్పుడు కబుర్లు పెరుగుతాయి. ఇంకా ఆగితే నిజంగా బడికి చేరని పిల్లవాడి గురించి మీకు తెలిసేసరికి పది దాటిపోతుంది. 9.45 ఈ రెంటికీ మధ్య మేం తీసుకున్న నిర్ణయం.

మెసేజ్ రాలేదంటే మా బాబు బడిలో ఉన్నట్టేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మెసేజ్ రాకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. పిల్లవాడు తరగతిలో ఉండటం వాటిలో ఒకటి. మీ ఫోన్ స్విచాఫ్ అయి ఉండొచ్చు. రీచార్జ్ గడువు దాటి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయి ఉండొచ్చు. మా దగ్గర మీ పాత నంబర్ ఉండొచ్చు. ఆ రోజు మా ఆఫీసులో కరెంటు, నెట్ రెండూ లేకపోయి ఉండొచ్చు. తుఫాను రోజుల్లో అది ఇక్కడ మామూలే.

కాబట్టి మెసేజ్ వస్తే అది నిజంగా ఒక కబురు. రాకపోతే దాన్ని బట్టి ఏదీ తేల్చుకోవద్దు. అనుమానం ఉన్న రోజు ఆఫీసుకు ఫోన్ చేయండి, తరగతికి మనిషిని పంపి చూసి చెబుతారు.

మెసేజ్ వచ్చింది, కానీ పాప పొద్దున్నే బడికని బయలుదేరింది. ఏం చేయాలి?

ముందు బడికి ఫోన్ చేయండి, ఆ తర్వాతే మిగతావాళ్లకు. ఇలా మీరు ఫోన్ చేసేవాటిలో ఎక్కువసార్లు పిల్లలు బడిలోనే దొరుకుతారు. ప్రార్థనలో కళ్లు తిరిగితే స్టాఫ్ రూంలో పడుకోబెట్టి ఉంటాం, ఆటల పోటీలకని పీఈటీ మాస్టారు మైదానంలోనే ఉంచేసి ఉంటారు, లేదా టీచర్ పక్క రోల్ నంబర్ రాసి ఉంటారు. మీరు ఫోన్ చేసిన వెంటనే ఒక మనిషి తరగతికి, మరొకరు మిగతా చోట్లకు వెళ్లి చూస్తారు. పది నిమిషాల్లో ఆఫీసు మీకు తిరిగి ఫోన్ చేస్తుంది. ఆ పది నిమిషాలు మీ లైన్ ఖాళీగా ఉంచండి. చాలామంది ఆ కాస్త సమయంలోనే చుట్టాలందరికీ ఫోన్లు కలుపుతారు, మేం చేస్తే ఎంగేజ్ వస్తుంది.

పాప బడిలో లేదని తేలితే ఆటో డ్రైవర్‌కు, రోజూ కలిసి వచ్చే స్నేహితుల ఇళ్లకు ఫోన్ చేయండి. మేం కూడా అదే ఆటోలో వచ్చే మిగతా పిల్లలను అడుగుతాం. "ఆమె రేవు దగ్గరే దిగిపోయింది సార్" లాంటి మాట పిల్లల నోటే ముందు వస్తుంది. అలా కూడా ఆచూకీ తెలియకపోతే సాయంత్రం దాకా చూద్దామని ఆగవద్దు, 112కు చేయండి. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది.

ఆలస్యంగా వచ్చినా "హాజరులో లేరు" అని మెసేజ్ వస్తే?

9.35 తర్వాత గేటు దాటితే అలాగే వస్తుంది. మేం రెండో మెసేజ్ పంపం. పిల్లవాడు వచ్చాడని రిజిస్టర్‌లో మాత్రం దిద్దుతాం.

ముందే సెలవు చెప్పినా మెసేజ్ వచ్చింది.

సెలవు చీటీ క్లాస్ టీచర్ చేతికి కాక స్నేహితుడి బ్యాగులో ఉండిపోయి ఉంటుంది. నూటికి తొంభైసార్లు ఇదే కథ. 9.30లోపు ఆఫీసుకు ఫోన్ చేసి పేరు, తరగతి చెబితే చాలు, ఆ రోజుకు మెసేజ్ ఆగుతుంది. చీటీ మర్నాడు పంపండి.

వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు కదా, ఎస్ఎంఎస్ ఎందుకు?

రెండు కారణాలు. మా తల్లిదండ్రుల్లో బటన్ ఫోన్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. కొందరు పిల్లల విషయంలో ఫోన్ నానమ్మ చేతిలోనే ఉంటుంది. ఎస్ఎంఎస్‌కు నెట్ అక్కర్లేదు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఫలానా అమ్మాయి ఈ రోజు బడికి రాలేదన్న మాట నలభై ఇళ్లవాళ్లు చదవాల్సిన పని లేదు. గ్రూపులో పెడితే మధ్యాహ్నానికల్లా ఊళ్లో దాని మీద వ్యాఖ్యానాలు మొదలవుతాయి.

మెసేజ్ అంత పొడిగా ఎందుకుంది? రెండు మాటలు ఎక్కువ రాస్తే ఏం?

తెలుగులో రాయడమే కారణం. ఇంగ్లిష్ అక్షరాలతో ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. అదీ మన కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. వత్తు, గుణింతం విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, ఫోన్ లెక్కలో ఆరు. 70 దాటితే మెసేజ్‌ను ముక్కలు చేసి పంపాలి, ఒక్కో ముక్కకు 67 చొప్పున పడతాయి, ప్రతి ముక్కకూ డబ్బు కట్టాలి. ఇప్పుడు పంపేది రెండు ముక్కల మెసేజ్. ఇంగ్లిష్‌లో పంపితే ఒక్కదానితో సరిపోయేది. కానీ చదవడానికి పక్కింటి అబ్బాయిని పిలవాల్సి వచ్చే మెసేజ్ వల్ల ఉపయోగం లేదని తెలుగే ఉంచాం.

పైగా ఆ వాక్యాలను మేం రోజుకో రకంగా మార్చలేం. వ్యాపార సంస్థలు, బడులు పంపే మెసేజ్‌ల నమూనాను టెలికాం కంపెనీల దగ్గర ముందే నమోదు చేయించాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇది తప్పనిసరి. మేం మార్చగలిగేది పేరు, తరగతి, తేదీ, టైము ఉన్న ఖాళీలను మాత్రమే. నమూనాతో ఒక్క మాట తేడా వచ్చినా మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. "జ్వరం తగ్గిందా?" అని కలిపి రాయాలని మా క్లాస్ టీచర్లకు ఉంటుంది కానీ కుదరదు. ఆ మాట ఫోన్‌లో అడుగుతారు.

ఇది నిజంగా బడి నుంచే వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మా మెసేజ్ పదంకెల ఫోన్ నంబర్ నుంచి రాదు. పంపినవారి చోట ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, గీత, తర్వాత మా బడికి నమోదైన ఆరు అక్షరాలు, మళ్లీ గీత, చివర S ఉంటాయి. మొదటి రెండు అక్షరాలు ఏ టెలికాం కంపెనీ నుంచి, ఏ సర్కిల్ నుంచి వచ్చిందో చెబుతాయి కాబట్టి అవి ఒక్కోసారి మారొచ్చు. మధ్యలోని ఆరు మారవు. అవి ఉత్తరంలో అచ్చువేశాం, ఆఫీసు బోర్డు మీద కూడా ఉన్నాయి. చివరి S అంటే సర్వీస్ మెసేజ్ అని. ప్రకటనల మెసేజ్ అయితే P ఉంటుంది.

మామూలు నంబర్ నుంచి "మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, వెంటనే డబ్బు పంపండి" అని మెసేజో ఫోనో వస్తే అది మాది కాదు. ఫోన్ పెట్టేసి బడికి చేయండి. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫిర్యాదు చేయండి.

డీఎన్‌డీ పెట్టుకున్నాం. మెసేజ్ వస్తుందా?

వస్తుంది. డీఎన్‌డీ ఆపేది ప్రకటనల మెసేజ్‌లను. ఇది సర్వీస్ మెసేజ్. అయితే మీరు ఎప్పుడో చిరాకులో ఇలాంటి అక్షరాల మెసేజ్‌లను బ్లాక్ చేసి ఉంటే ఫోనే దాన్ని దాచేస్తుంది. మెసేజ్‌ల యాప్‌లో స్పామ్, బ్లాక్ చేసినవి ఉండే చోట ఒకసారి చూడండి.

నంబర్ ఎందుకు తప్పవుతుంది? అడ్మిషన్ రోజు ఇచ్చాం కదా.

ఇచ్చారు. ఎల్‌కేజీలో ఇచ్చారు. ఇప్పుడు పాప ఏడో తరగతి. ఈ మధ్యలో ఆఫర్ ఉందని కొత్త సిమ్ తీసుకున్నారు, పాతది రీచార్జ్ చేయడం మానేశారు. వాడకుండా వదిలేసిన నంబర్‌ను కంపెనీ కొన్నాళ్లకు రద్దు చేస్తుంది. రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. అప్పటి నుంచి మీ అమ్మాయి రాలేదన్న కబురు ఎవరో తెలియని మనిషికి వెళ్తుంది.

ఇందులో ఉన్న చిక్కు చూడండి. నంబర్ పనిచేయకపోతే మా కంప్యూటర్‌లో "ఫెయిల్డ్" అని కనిపిస్తుంది, మేం కనుక్కుంటాం. నంబర్ వేరేవాళ్ల చేతికి వెళ్లిపోతే "డెలివర్డ్" అనే కనిపిస్తుంది. డెలివర్డ్ అంటే ఏదో ఒక ఫోన్‌కు చేరిందని మాత్రమే. అది మీ ఫోనా, మీరు చదివారా అన్నది ఆ మాట చెప్పదు. పని చేయని నంబర్ కన్నా పరాయివాళ్ల చేతిలో పనిచేస్తున్న నంబర్ ప్రమాదం.

ఒక సంగతి చెబుతాను. మా బడిలో ఏడో తరగతి అమ్మాయి ఒకామె ఒక నెలలో ఐదు రోజులు రాలేదు. ఐదు మెసేజ్‌లూ డెలివర్డ్. తల్లి నుంచి ఒక్క ఫోన్ లేదు. క్లాస్ టీచర్‌కు కోపం వచ్చింది, పట్టించుకోవడం లేదని. ఆరోసారి టీచర్ ఆ నంబర్‌కు ఫోన్ చేస్తే ఎత్తింది మరో జిల్లాలో ఉన్న ఒక మేస్త్రీ. "నెల నుంచి ఎవరో పాప బడికి రాలేదని వస్తోందమ్మా, మీకు చెబుదామంటే ఆ మెసేజ్‌కు తిరిగి రాయడం కుదరడం లేదు" అన్నాడు. తల్లిని పిలిపిస్తే, ఆమె ఆ సిమ్ మానేసి ఏడాది దాటింది. పాప ఆ ఐదు రోజులూ అమ్మమ్మ ఇంట్లో ఉంది. దారిలో దిగిపోయి అక్కడికి వెళ్లేదట. లెక్కల పరీక్ష భయం. మేం తల్లిని తప్పుపట్టాం, కానీ ఏడాదిపాటు నంబర్ సరిచూడని తప్పు మాది కూడా. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మా నంబర్ సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

జూన్ నెలాఖరులో అందరికీ ఒక పరీక్ష మెసేజ్ పంపుతాం. అందులో నాలుగంకెలు ఉంటాయి. ఒక్కో ఇంటికీ వేరు అంకెలు. వాటిని డైరీలో ఆ రోజు పేజీలో రాసి సంతకం చేసి పంపండి. అంకెలు కలిస్తే మీ నంబర్ సరైనదని టిక్ పెడతాం. అంకెలు రాని పిల్లల జాబితా క్లాస్ టీచర్ దగ్గర ఉంటుంది. రెండో వారంలో వాళ్లే మీకు కబురు పెడతారు.

ఆ రోజు కోసం ఆగలేకపోతే ఆఫీసుకు వచ్చి మీ పిల్లవాడి అడ్మిషన్ నంబర్ చెప్పండి. మా దగ్గరున్న ఫోన్ నంబర్ చివరి నాలుగంకెలు చెబుతారు. మొత్తం నంబర్ ఫోన్‌లో ఎవరికీ చదివి వినిపించరు.

నంబర్ మార్చుకోవాలంటే ఏం చేయాలి?

ఆఫీసులో అరపేజీ ఫారం ఉంటుంది. పిల్లవాడి పేరు, తరగతి, అడ్మిషన్ నంబర్, పాత ఫోన్ నంబర్, కొత్త ఫోన్ నంబర్ రాయాలి. కొత్త నంబర్ రెండుసార్లు రాయమంటాం. రెండో గడి చూసి విసుక్కోకండి. 6, 0 ఒకేలా రాసేవాళ్లు, 1, 7 ఒకేలా రాసేవాళ్లు ఉన్నారు, రెండుచోట్లా చూస్తే తేడా దొరుకుతుంది. అడ్మిషన్ ఫారంలో ఎవరి సంతకం ఉందో వాళ్లే సంతకం చేయాలి. గుర్తింపు కోసం ఏదైనా ఒక కార్డు చూపిస్తే చాలు, జిరాక్స్ అక్కర్లేదు.

ఆ తర్వాత పని అక్కడికక్కడే జరుగుతుంది. మీరు కౌంటర్ దగ్గర నిలబడి ఉండగానే గుమాస్తా కొత్త నంబర్‌కు రింగ్ ఇస్తారు. మీ చేతిలో ఫోన్ మోగితే నంబర్ కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. ఎక్కించాక స్క్రీన్ మీ వైపు తిప్పి చూపిస్తారు. పదంకెలూ మీరే పైకి చదవండి. నంబర్ ముందు సున్నా, 91 రాయొద్దు. 91 చేర్చిన పన్నెండంకెల నంబర్‌ను మా ఎక్సెల్ షీట్ 9.19E+11 లాంటి రూపంలో చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేసి పైకి ఎక్కిస్తే చివరి అంకెలు సున్నాలైపోతాయి. ఒకసారి అలా చేతులు కాల్చుకున్నాం.

మధ్యాహ్నం 12లోపు ఇచ్చిన మార్పు మర్నాడు ఉదయం మెసేజ్‌కు పనిచేస్తుంది. ఆ తర్వాత ఇస్తే ఇంకో రోజు పడుతుంది, ఎందుకంటే 12లోపు అందిన మార్పులనే ఆ సాయంత్రం ఒకేసారి మెసేజ్‌లు పంపే సర్వీస్‌లోకి ఎక్కిస్తారు.

ఫోన్ చేసి చెబితే మార్చరా? వాట్సాప్‌లో పంపితే?

మార్చం. దీని మీద నాకు చాలా మాటలు పడ్డాయి, అయినా మార్చం.

తొమ్మిదో తరగతి అబ్బాయి గొంతు చాలాసార్లు వాళ్ల నాన్న గొంతులాగే ఉంటుంది. "నేను ఫలానా వాళ్ల నాన్నను, కొత్త నంబర్ రాసుకోండి" అని ఒక ఫోన్ వస్తే, ఆ నంబర్ సినిమాకు పోదామనుకున్న స్నేహితుడిది కూడా కావొచ్చు. ఊరికే అనడం లేదు, ఇలాంటి ప్రయత్నాలు పట్టుకున్నాం. ఫారం పిల్లవాడి చేత పంపినా అదే గొడవ. కొందరు సంతకం మీకన్నా బాగా పెడతారు.

ఇంకో కారణం చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. తల్లిదండ్రుల మధ్య గొడవలున్న ఇళ్లున్నాయి. ఒకరి నంబర్ తీసేసి తన నంబర్ పెట్టమని రెండోవారు ఫోన్ చేస్తారు. ఎవరి పక్షమూ తీసుకోవడం బడి పని కాదు. అలాంటిచోట ఇద్దరి నంబర్లూ ఉంచుతాం. కోర్టు ఉత్తర్వు ఉంటే దాని నకలు చూపించండి, దాని ప్రకారం నడుచుకుంటాం.

మేం ఊళ్లో లేం, పిల్లలు తాతయ్య దగ్గర ఉంటారు. ఎలా రావాలి?

మీరు రాసి సంతకం చేసిన ఉత్తరంతో తాతయ్యగారిని పంపండి. మేం పాత నంబర్‌కు ఫోన్ చేసి మీతో మాట్లాడి, తర్వాతే మారుస్తాం. పాత నంబర్ పోయి ఉంటే అడ్మిషన్ ఫారంలో ఉన్న రెండో నంబర్‌కు చేస్తాం. అదీ పోయి ఉంటే మీరు వచ్చేదాకా తాతయ్యగారి నంబర్ రెండో నంబర్‌గా చేరుస్తాం. మొదటి నంబర్‌ను మాత్రం తీసేయం.

నేను కువైట్‌లో ఉంటాను. ఇక్కడి నంబర్‌కు పంపగలరా?

పంపలేం. మేం వాడే సర్వీస్ ఇండియా నంబర్లకే పంపుతుంది. మొదటి నంబర్‌గా ఇంట్లో ఉన్నవాళ్లది ఇవ్వండి. ఇక్కడ 9.45 అంటే మీకు అక్కడ 7.15, డ్యూటీకి వెళ్లే హడావిడి. కబురు తెలిసినా అక్కడి నుంచి మీరు చేయగలిగేది ఇంటికి ఫోన్ చేయడమే. బాబు కోసం రేవు దాకా వెళ్లి చూడగలిగిన మనిషి ఫోనే ముందు మోగాలి.

ఇద్దరి నంబర్లకూ పంపుతారా?

రెండు నంబర్లు ఇవ్వొచ్చు, రెండింటికీ వెళ్తుంది. మూడోదానికి చోటు లేదు.

ఒకే నంబర్‌తో వేరే కంపెనీకి మారాం. చెప్పాలా?

చెప్పక్కర్లేదు, నంబర్ మారలేదు కదా. మారే రోజు కొన్ని గంటలు సిగ్నల్ ఉండదు, అంతే. ఫోన్ పోయి అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకున్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మోసాలు ఆపడానికని కొత్త సిమ్ మీద 24 గంటల దాకా ఎస్ఎంఎస్‌లు ఆపుతారు. ఆ రోజు మెసేజ్ కోసం చూడకుండా ఫోన్ చేసి కనుక్కోండి.

అక్క నంబర్ మార్పించాం. తమ్ముడికి కూడా మారినట్టేనా?

కాదు. ఒక్కో పిల్లవాడి రికార్డు వేరు. ఫారంలో కింద "ఈ బడిలో చదివే తోబుట్టువులు" అని ఒక గీత ఉంది. అక్కడ తమ్ముడి పేరు, తరగతి రాస్తే రెండూ ఒకేసారి మారుస్తారు. చాలామంది ఖాళీగా వదిలేసేది ఆ గీతనే.

ఇక్కడ మారిస్తే ఆధార్‌లో, బ్యాంకులో కూడా మారుతుందా? తల్లికి వందనం డబ్బుకు ఇబ్బందా?

మారదు, ఇబ్బందీ లేదు. ఇది మెసేజ్‌లు పంపడానికి మా బడి పెట్టుకున్న జాబితా. ఆధార్‌లో నంబర్ మార్చే అధికారం మాకు లేదు, అది ఆధార్ కేంద్రం పని. పథకం డబ్బు తల్లి ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతాలో పడుతుంది. దానికీ ఈ ఫోన్ నంబర్‌కూ సంబంధం లేదు. హాజరు శాతం కూడా మెసేజ్‌లు లెక్కపెట్టి వేయరు, రిజిస్టర్‌నే చూస్తారు. పొరపాటున మెసేజ్ వచ్చిందని హాజరు పోయిందని కంగారుపడకండి. రిజిస్టర్‌లో కూడా తప్పు పడిందనిపిస్తే అదే రోజు క్లాస్ టీచర్‌ను అడగండి. నెల తర్వాత అడిగితే ఆ ఉదయం ఎవరికీ గుర్తుండదు.

మధ్యాహ్నం బడి నుంచి వెళ్లిపోతే మెసేజ్ వస్తుందా?

రాదు. మధ్యాహ్నం కూడా హాజరు వేస్తాం కానీ మెసేజ్ ఉదయానికే. మధ్యలో వెళ్లాలంటే గేటు పాస్ కావాలి. అది ఇవ్వాలంటే ఇంటి నుంచి పెద్దవాళ్లు రావాలి.

ఒంటిపూట బడులప్పుడు?

మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే బడి 7.45కు. హాజరు 8 గంటలకు వేస్తారు, మెసేజ్ 8.30కి వస్తుంది. మెసేజ్‌లో 9.20 బదులు 8.00 అని ఉంటుంది. ఆ నెలలో మొదటి రెండు రోజులు పాత టైముకు బయలుదేరే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. అందుకని ఆ రెండు రోజులు గేటు పుస్తకం 8.40 దాకా తెరిచి ఉంచుతాం, మెసేజ్ 8.50కి వస్తుంది.